నకిలీ నెయ్యి, తేనె ప్యాక్‌లు: ఫొటోలో ఎక్కడ చూడాలి, ఏ వరుసలో చూడాలి

పోయిన ఏడాది మా పిన్ని నా ఫోన్‌కి రెండు ఫొటోలు పంపింది. రెండూ ఒకే కంపెనీ నెయ్యి జార్లు, అరలీటరువి. ఒకటి ఎప్పుడూ కొనే చోట తెచ్చుకున్నది, ఇంకొకటి ఆన్‌లైన్‌లో భారీ డిస్కౌంట్ చూసి తెప్పించుకున్నది. "రెండూ అచ్చు ఒకేలా ఉన్నాయి కదరా, మరి దీని వాసనేంటి ఇలా ఉంది?" అని అడిగింది. నిజమే, ముందు వైపు చూస్తే తేడా కనిపించలేదు. అదే రంగు, అదే ఆవు బొమ్మ, అదే అక్షరాలు.

ముందు వైపు చూస్తే తేడా దొరకదు కూడా. ఎందుకంటే లేబుల్ అనేది ప్రెస్‌లో అచ్చయ్యేది. అసలు జారును స్కాన్ చేసి ఇస్తే ఏ ప్రెస్‌లోనైనా దాదాపు అలాంటిదే వస్తుంది. నకిలీవాడికి కష్టమయ్యేది ఆ తర్వాతి పని. జారు నింపాక ప్యాకింగ్ లైన్ మీద వేసే బ్యాచ్ నంబర్, తేదీ, మూత కింద సీల్: ఈ మూడూ యంత్రం మీద, ఒక్కో జారుకి విడివిడిగా పడతాయి. దొంగ సరుకు దొరికిపోయేది ఎక్కువగా అక్కడే. అందుకే నేను ఫొటో చూసేటప్పుడు లోగోని చివరికి వదిలేసి, బ్యాచ్ ముద్రతో మొదలుపెడతాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఇక్కడ పట్టుకునేది నకిలీ ప్యాక్‌ని, అంటే ఒకరి పేరు మీద ఇంకొకరు నింపి అమ్మేదాన్ని. అసలు కంపెనీయే లోపల కల్తీ చేస్తే ఫొటో ఏమీ చెప్పదు. 2020 డిసెంబర్‌లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ మార్కెట్లో ఉన్న తేనెలను జర్మనీలోని ల్యాబ్‌కి పంపించి పరీక్ష చేయిస్తే, పేరున్న బ్రాండ్లలో కూడా చాలావాటిలో చక్కెర పాకం కలిసినట్టు తేలింది. వాటి లేబుళ్లు, సీళ్లు అన్నీ సక్రమమైనవే. అలాంటిది ల్యాబ్‌లో తేలాల్సిందే తప్ప కంటితో తేలదు.

మొదట ఫొటోలు సరిగ్గా తీయండి

పిన్ని మొదట పంపిన ఫొటోలు ట్యూబ్‌లైట్ కింద, ఫ్లాష్ వేసి తీసినవి. ప్లాస్టిక్ జారు మీద ఫ్లాష్ పడితే సరిగ్గా బ్యాచ్ నంబర్ ఉన్న చోటే తెల్లటి మచ్చ పడుతుంది. కిటికీ దగ్గర, వెలుతురు పక్క నుంచి ఏటవాలుగా పడేలా పెట్టి, ఫ్లాష్ ఆపి తీయమన్నాను. వెలుతురు ఏటవాలుగా ఉంటే ఇంకు చెరిపిన గుర్తు, సీల్ మీద ముడత, లేబుల్ అంచున గమ్ చారిక అన్నీ నీడ పడి కనిపిస్తాయి.

కావలసినవి ముందు వైపు, వెనక వైపు, బ్యాచ్ ముద్ర బాగా దగ్గరగా, మూత పక్క నుంచి, మూత తీశాక సీల్ పై నుంచి, జారు అడుగు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో సైజు తగ్గి చిన్న అక్షరాలు అలికేసినట్టు అవుతాయి. అప్పుడు అసలు జారు కూడా నకిలీలాగే కనిపిస్తుంది. డాక్యుమెంట్‌గా పంపించుకోండి. ఇంట్లో అదే కంపెనీ పాత జారు ఉంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకే ఫ్రేమ్‌లో తీయండి. వేర్వేరు ఫొటోల్లో రంగులు పోల్చడం దండగ, ఒక్కో ఫోన్ కెమెరా పసుపును ఒక్కోలా చూపిస్తుంది.

ఆన్‌లైన్‌లో కొనకముందే పరీక్షిద్దామంటే ఇంకో చిక్కుంది. అమ్మకం పేజీలో ఉండే బొమ్మ కంపెనీ వాళ్లు కంప్యూటర్‌లో తయారుచేసినది, మీకు వచ్చే జారుది కాదు. దాని మీద బ్యాచ్ నంబర్ ఉండనే ఉండదు. కొన్నవాళ్లు రివ్యూల్లో పెట్టిన ఫొటోలే పనికొస్తాయి. అమ్మేవాళ్లతో మాట్లాడే వీలుంటే, ఇప్పుడు స్టాక్‌లో ఉన్న జారు బ్యాచ్ ముద్ర ఫొటో పంపమని అడగండి. ఉన్నవాళ్లు పంపుతారు.

బ్యాచ్ ముద్ర: లేబుల్‌తో పాటు అచ్చయిందా, తర్వాత పడిందా?

ప్యాకింగ్ లైన్ మీద ఎక్కువగా వాడేది ఇంక్‌జెట్ కోడర్. జారు ముందు నుంచి కదిలిపోతుంటే చిన్న చిన్న ఇంకు చుక్కలు చిమ్మి అక్షరాలు రాస్తుంది. జూమ్ చేసి చూస్తే అక్షరం గీతలా ఉండదు, చుక్కల వరుసలా ఉంటుంది. జారు కదులుతూ ఉంటుంది కాబట్టి ముద్ర ఒక జారుకి కాస్త పైన, ఇంకో జారుకి కాస్త కింద, ఒక్కోసారి కొంచెం వంకరగా పడుతుంది. ఈ వంకర మంచి గుర్తు. చూడ్డానికి అశ్రద్ధగా అనిపించేదే అసలుది కావడం తమాషా.

నకిలీలో రెండు రకాలు చూశాను. మొదటి రకంలో బ్యాచ్ నంబర్, తేదీ, ఎంఆర్‌పీ అన్నీ లేబుల్‌తోనే ప్రెస్‌లో అచ్చు వేసేస్తారు. జూమ్ చేస్తే ఆ అంకెలు పక్కనున్న చిరునామా అక్షరాల్లాగే నున్నగా, అదే ఇంకుతో, గడిలో సరిగ్గా మధ్యలో ఉంటాయి. అలాంటివి రెండు జార్లు దొరికితే పని సులువు. రెండింటి మీదా అంకెలు మిల్లీమీటర్ కూడా తేడా లేకుండా ఒకే చోట ఉంటాయి. అయితే చుక్కలు లేనంత మాత్రాన నకిలీ అనేయకండి. పౌచ్‌ల మీద కొన్ని కంపెనీలు వేడి రిబ్బన్‌తో ముద్ర వేస్తాయి, కొన్ని లేజర్‌తో చెక్కుతాయి. వీటిలో చుక్కలు స్పష్టంగా ఉండకపోవచ్చు. కానీ ఏ పద్ధతైనా తర్వాత పడిన ముద్ర వేరుగా కనిపిస్తుంది, మిగతా అచ్చులో కలిసిపోదు.

రెండో రకం అసలు జారే, కానీ గడువు తీరినది. పాత తేదీని థిన్నర్‌తోనో నెయిల్ పాలిష్ రిమూవర్‌తోనో తుడిచేసి కొత్త తేదీ వేస్తారు. ఏటవాలు వెలుతురులో ఆ చోట లేబుల్ మెరుపు పోయి మసకగా కనిపిస్తుంది. కొత్త అంకెల వెనక పాత చుక్కల నీడలు ఉంటాయి. తేదీ మాత్రమే మార్చి బ్యాచ్ నంబర్ వదిలేస్తే రెండింటి ఇంకు నలుపులో తేడా తెలుస్తుంది. తేదీ మీద విడిగా స్టిక్కర్ అంటించి ఉంటే మాత్రం ఇంక ఆలోచించక్కర్లేదు, వెనక్కి ఇచ్చేయండి.

అంకెలు ఒకదానితో ఒకటి కలవాలి

ముద్ర ఎలా ఉందో చూశాక అది ఏం చెబుతోందో చూడాలి. పిన్ని జారు దొరికిపోయింది ఇక్కడే. దాని మీద బ్యాచ్ `C0417`, ప్యాకింగ్ తేదీ 02/05/25, వాడాల్సిన గడువు 01/05/26 అని ఉంది. చూడ్డానికి బాగానే ఉంది. కానీ వెనక లేబుల్ మీద చిన్న అక్షరాల్లో "ప్యాక్ చేసిన నాటి నుంచి 9 నెలల్లోపు ఉత్తమం" అని అచ్చయి ఉంది. మే నుంచి తొమ్మిది నెలలంటే జనవరి చివరికి అయిపోవాలి. ముద్ర మాత్రం పన్నెండు నెలలు ఇచ్చింది. లేబుల్‌ని అసలు జారు నుంచి కాపీ కొట్టినవాడు ఆ వాక్యం చదవలేదన్నమాట.

అంతకన్నా బలమైన ఆధారం బ్యాచ్ నంబర్ మొదటి అక్షరం. పెద్ద బ్రాండ్లకు ఒకటి కంటే ఎక్కువ చోట్ల ప్లాంట్లు ఉంటాయి. లేబుల్ మాత్రం ఒకటే. అందుకని "తయారీ యూనిట్ కోసం బ్యాచ్ నంబర్ మొదటి అక్షరం చూడండి" అని రాసి, కింద ఒక్కో అక్షరానికి ఒక్కో చిరునామా, దాని లైసెన్స్ నంబర్ ఇస్తారు. పిన్ని జారు మీద `A`, `B`, `D` అని మూడే ఉన్నాయి. బ్యాచ్ `C`తో మొదలైంది. ఆ కంపెనీ లెక్కలో `C` అనే ప్లాంటే లేదు. కొనేవాళ్లలో నూటికి తొంభై మంది ఈ పట్టిక చదవరని నా అనుమానం. అది తెలిసే నకిలీవాడు కూడా పట్టించుకోడు.

యూనిట్ ధర కూడా ఒకసారి గుణించి చూడండి. ఎంఆర్‌పీ పక్కన మిల్లీలీటర్‌కో గ్రాముకో ఎంతో ఇప్పుడు ముద్రిస్తున్నారు. 500 మిల్లీలీటర్ల జారు ఎంఆర్‌పీ 340 రూపాయలైతే పక్కన 0.68 అని ఉండాలి. ఎంఆర్‌పీ మార్చి ఇది మార్చడం మర్చిపోయిన జార్లు ఉంటాయి.

లైసెన్స్ నంబర్‌ను ఎలా చదవాలి

లేబుల్ మీద ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు కింద 14 అంకెలుంటాయి. లెక్కపెట్టండి. పదమూడో పదిహేనో ఉంటే పని అక్కడికి అయిపోయింది. మొదటి అంకె 1 అయితే లైసెన్స్, 2 అయితే చిన్న వ్యాపారులకిచ్చే రిజిస్ట్రేషన్. తర్వాతి రెండంకెలు రాష్ట్రం కోడ్. అక్కడ 00 ఉంటే కేంద్రం ఇచ్చిన లైసెన్స్. నాలుగు, ఐదు అంకెలు ఆ లైసెన్స్ మొదటిసారి ఇచ్చిన సంవత్సరం. అంటే 10023తో మొదలైతే అది 2023లో ఇచ్చిన కేంద్ర లైసెన్స్. 2022లో ప్యాక్ చేసినట్టు తేదీ ఉన్న జారు మీద అది ఉండే అవకాశం లేదు. దేశమంతా అమ్మే పెద్ద బ్రాండ్ పేరుతో ఉన్న జారు మీద 2తో మొదలయ్యే నంబర్ కనిపించినా ఆగి ఆలోచించాల్సిందే.

తర్వాత foscos.fssai.gov.in లోకి వెళ్లి అక్కడి సెర్చ్‌లో ఆ నంబర్ కొట్టండి. కంపెనీ పేరు, చిరునామా, లైసెన్స్ అమల్లో ఉందో లేదో వస్తాయి. లేబుల్ మీది చిరునామాతో పోల్చండి. ఇక్కడ చాలామంది తొందరపడతారు. నంబర్ కొడితే బ్రాండ్ పేరు కాకుండా వేరే పేరు వస్తే వెంటనే నకిలీ అనుకుంటారు. నెయ్యి, తేనె రెండింటిలోనూ ఒక కంపెనీ మార్కెట్ చేసేది, ఇంకో కంపెనీ తయారుచేసేది మామూలే. లేబుల్ మీద "తయారీ" అని ఎవరి పేరుందో ఆ పేరు ఆ నంబర్‌తో కలిస్తే చాలు. లేబుల్ మీద ఎక్కడా లేని పేరు వచ్చినప్పుడు, లేదా మసాలా పొడులు చేసేవాళ్ల లైసెన్స్ నెయ్యి జారు మీద కనిపించినప్పుడు అనుమానించాలి.

అసలు కంపెనీ నంబర్‌నే యథాతథంగా కాపీ కొట్టినవాడు ఈ పరీక్ష పాసైపోతాడు. అందుకే ఇది బ్యాచ్ ముద్ర తర్వాతే.

సీల్

నెయ్యి జార్లకు, తేనె సీసాలకు మూత తీయగానే కనిపించే వెండి రంగు రేకును ఇండక్షన్ సీల్ అంటారు. మూత బిగించాక యంత్రం కింద నుంచి పోనిస్తే, మూత లోపలి రేకు వేడెక్కి జారు అంచుకి అతుక్కుంటుంది. మూత బిగించి ఉండగానే వేడి పుడుతుంది కాబట్టి ఒత్తిడి చుట్టూ సమానంగా ఉంటుంది. రేకు మీద జారు అంచు గుండ్రంగా, తెగకుండా, ఒకే వెడల్పులో అచ్చు పడుతుంది. అసలు గుర్తు అదే.

చేత్తో అతికించినదైతే ఇస్త్రీ పెట్టెతోనో, గమ్‌తోనో చేస్తారు. ఇస్త్రీ పెట్టె వాడితే రేకు మధ్యలో కూడా వేడి తగిలి ముడతలు, గోధుమరంగు మచ్చలు వస్తాయి. ఒక పక్క గట్టిగా, ఇంకో పక్క వదులుగా ఉంటుంది. గమ్ అయితే రేకు లాగినప్పుడు తీగలు సాగుతాయి. ఒక్క చిన్న ముడత అసలు జారులోనూ ఉండొచ్చు. అంచు వలయం తెగిపోయిందా అన్నదే ప్రశ్న.

మూత కింద ఉండే రింగు కూడా చూడండి. మొదటిసారి తిప్పగానే చిన్న ప్లాస్టిక్ వంతెనలు తెగి రింగు మెడ మీద ఉండిపోతుంది. వాడేసిన జార్లు సేకరించి మళ్లీ నింపేవాళ్లకు ఈ రింగే ఇబ్బంది. దాన్ని కప్పడానికి పైన వేడికి బిగుసుకునే పారదర్శక ప్లాస్టిక్ తొడుగు, అంటే ష్రింక్ స్లీవ్, వేస్తారు. కాబట్టి ఆ బ్రాండ్‌కి మామూలుగా స్లీవ్ లేనప్పుడు కొత్తగా స్లీవ్ కనిపిస్తే, దాని కింద వంతెనలు తెగి ఉన్నాయేమో జూమ్ చేయండి. హీట్ గన్‌తో చేత్తో బిగించిన స్లీవ్ ఒక పక్క మడతలు పడి, ఇంకో పక్క వదులుగా ఉంటుంది.

పౌచ్ అయితే పైన, కింద ఉండే అతుకు చూడాలి. ఫ్యాక్టరీ యంత్రం వేసే అతుకు వెడల్పుగా, గరుకు గీతలతో, చివరిదాకా ఒకేలా ఉంటుంది. చేతి సీలర్ వేసేది సన్నటి ఒక్క గీత. ఒకే పౌచ్‌కి కింద వెడల్పు అతుకు, పైన సన్న గీత ఉంటే, పైన కోసి, లోపలిది మార్చి మళ్లీ అతికించారని అర్థం.

నెయ్యి లేబుల్‌లో అబద్ధం దొరికే రెండు అంకెలు

ఒకటి బరువు. నెయ్యి నీళ్ల కంటే తేలిక. 500 మిల్లీలీటర్లు దాదాపు 452 గ్రాములు, లీటరు దాదాపు 905 గ్రాములు తూగుతుంది. లేబుల్ మీద రెండూ ఇచ్చినప్పుడు "500 మి.లీ., 500 గ్రా." అని ఉంటే, రాసినవాళ్లు నెయ్యిని ఎప్పుడూ తూచలేదన్నమాట.

రెండోది పోషకాల పట్టికలో కొలెస్టరాల్. నెయ్యి పాల కొవ్వు, జంతువు నుంచి వచ్చేది. వంద గ్రాముల్లో రెండు వందల మిల్లీగ్రాముల అటూఇటూ కొలెస్టరాల్ ఉంటుంది. వనస్పతిలో, మొక్కల నూనెల్లో అది ఉండదు. ముందు వైపు "స్వచ్ఛమైన ఆవు నెయ్యి" అని రాసి వెనక కొలెస్టరాల్ సున్నా అని ఉంటే, ఆ పట్టిక వనస్పతి డబ్బా నుంచి వచ్చిందని అనుమానించొచ్చు. కొవ్వు కూడా వంద గ్రాములకు 99.5 గ్రాముల కంటే తగ్గకూడదు. పట్టిక వంద మిల్లీలీటర్లకు ఇస్తే అదే 90 చిల్లర అవుతుంది. ఆ తేడా చూసి కంగారుపడకండి. దీపారాధనకి అమ్మే డబ్బాలు కొన్ని నెయ్యి డబ్బాల్లాగే ఉంటాయి. వెనక చిన్న అక్షరాల్లో తినడానికి కాదని రాసి ఉంటుంది. అది మోసం కాకపోయినా దాదాపు ఆ పనే చేస్తుంది.

తేనె సీసా

తేనె నీళ్ల కంటే దాదాపు 1.4 రెట్లు బరువు. అందుకని 500 గ్రాముల తేనె 350 నుంచి 360 మిల్లీలీటర్ల చోటే తీసుకుంటుంది. అరలీటరు నీళ్ల సీసాను పక్కన పెట్టి ఫొటో తీస్తే తేనె సీసా స్పష్టంగా చిన్నదిగా ఉండాలి. అంత సీసాలోనే నిండుగా ఉండి 500 గ్రాములని రాసి ఉంటే, లోపలిది పల్చని పాకమైనా కావాలి, లేబుల్ వేరే సీసాదైనా కావాలి.

పోషకాల పట్టికలో కార్బోహైడ్రేట్లు వంద గ్రాములకు 80 గ్రాముల దగ్గర, శక్తి 320 కిలో కేలరీల దగ్గర ఉంటాయి. కొవ్వు ఉండదు. దినుసుల దగ్గర తేనె అన్న ఒక్క మాటే ఉండాలి. "ఇన్వర్ట్ సిరప్", "గ్లూకోజ్ సిరప్" అని ఉంటే అది తేనె రుచి ఉన్న పాకం, పేరు ఏదైనా సరే. శాకాహార గుర్తు చూసి కూడా కొంతమంది పొరబడతారు. తేనెటీగల నుంచి వచ్చేదైనా, నిబంధనల ప్రకారం తేనెకి పచ్చ గుర్తే ఉంటుంది. అడుగున గడ్డకట్టినట్టు ఉండడం నకిలీకి గుర్తు కాదు, అసలు తేనె గడ్డకడుతుంది. నీళ్లలో వేసి చూడడం, అగ్గిపుల్ల ముంచి వెలిగించడం లాంటివి నేను నమ్మను. చిక్కగా కాచిన పాకం వాటిని సులువుగా పాసవుతుంది.

బార్‌కోడ్ గురించి క్లుప్తంగా

బార్‌కోడ్ కింద 13 అంకెలుంటే చివరిది తనిఖీ అంకె. మొదటి పన్నెండింటిలో బేసి స్థానాల్లోవి కూడి, సరి స్థానాల్లోవి కూడి మూడుతో గుణించి, రెండూ కలపాలి. దాన్ని తర్వాతి పదుల సంఖ్యకి తీసుకెళ్లడానికి ఎంత కావాలో అదే చివరి అంకె. ఉదాహరణకి 890123456789కి బేసివి 28, సరివి 34. 34 మూళ్లు 102, మొత్తం 130. అది పదుల్లోనే ఉంది కాబట్టి చివరి అంకె 0. ఊహించి రాసిన నంబర్లు ఇక్కడ తప్పుతాయి. కాపీ కొట్టినవి తప్పవు. 890తో మొదలైతే ఆ నంబర్ తీసుకున్న కంపెనీ భారత్‌లో నమోదైందని మాత్రమే అర్థం. దీనికంటే పనికొచ్చే చిట్కా ఏంటంటే, అరలీటరు జారుకి, లీటరు జారుకి వేర్వేరు బార్‌కోడ్‌లు ఉండాలి. రెండు సైజులకీ ఒకటే నంబర్ ఉంటే లేబుల్‌ని సాగదీసి వాడారన్నమాట.

తేడా కనిపించాక

ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకండి. కానీ పిన్ని జారులాగా లేని ప్లాంట్ అక్షరం, గడువు లెక్క తప్పు రెండూ ఒకే జారులో వస్తే ఇంక వాడొద్దు. పారేయొద్దు కూడా. బిల్లు, డెలివరీ అట్టపెట్టె, జారు అన్నీ ఉంచండి. తెరవని జారు ఇంకొకటి ఉంటే అదే అసలు సాక్ష్యం. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫొటోలతో ఫిర్యాదు పెట్టొచ్చు, లేదా ఎఫ్ఎస్ఎస్ఏఐ 1800112100కి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. కొన్నవాళ్లు ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్ దగ్గర స్వయంగా పరీక్ష చేయించుకునే హక్కు 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్‌లో ఉంది.

కంపెనీకి కూడా చెప్పండి, కానీ అనుమానం ఉన్న జారు మీది నంబర్‌కి కాదు. పిన్ని మొదట దానికే ఫోన్ చేసింది. మూడుసార్లు మోగినా ఎవరూ ఎత్తలేదు. పాత జారు పక్కన పెట్టి చూస్తే ఆ నంబర్‌లో ఒక అంకె మారి ఉంది. పాత జారు మీది నంబర్‌కి చేస్తే ఎత్తారు. బ్యాచ్ నంబర్ అడిగారు. `C` అనగానే అవతలి అమ్మాయి ఒక్క క్షణం ఆగి, "ఇంకోసారి చూసి చెప్తారా మేడమ్, మాకు ఆ అక్షరం లేదు" అంది.